పాత పార్టీకి ఐదారు వాక్యాలు: మెచ్చుకోలూ పనీ ఒకే మెసేజ్‌లో అడగవచ్చా?

తిరుమలగిరిలోనో కోదాడలోనో ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుని సొంతంగా డిజైన్ పని చేసేవాళ్లకు పని దొరకడం ఎంత కష్టమో, చేసిన పని తర్వాత మళ్లీ పని దొరకడం అంతే కష్టం. బియ్యం మిల్లు బస్తా డిజైన్, విత్తనాల దుకాణం కరపత్రం, ప్రైవేటు కాలేజీ బ్రోచర్, ఆసుపత్రి బోర్డు ఇలా ఏదో ఒకటి చేసిస్తారు, డబ్బులు వస్తాయి, తర్వాత ఇరువైపులా మాటలుండవు. ఆరు నెలలకో ఏడాదికో ఆ పాత పార్టీ గుర్తుకొస్తాడు. అతని దగ్గర అడగాల్సినవి రెండు: చేసిన పని గురించి ఇంకొకరికి చూపించుకోగల నాలుగు మంచి మాటలు, వీలైతే మరో పని. రెండూ ఒకే వాట్సాప్ మెసేజ్‌లో అడగవచ్చా, అడిగితే ఎలా రాయాలి అనే దానిపై సలహాలకు కొదవ లేదు. అవి ఒకదానితో ఒకటి పొసగవు. నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండూ ఒకే మెసేజ్‌లో ఉండవచ్చు, ఉండటమే నిజాయితీ కూడా. అయితే అందులో ప్రశ్న ఒక్కటే ఉండాలి. అభిప్రాయాన్ని అడగాలి, పనిని మాత్రం కబురుగా చెప్పాలి. రెండింటికీ ఆధారం అవతలివాడికి గుర్తున్న ఒకే ఒక్క నిజమైన వివరం కావాలి.

ఇప్పుడున్న సలహాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే తేడా ఎందుకో తెలుస్తుంది. అప్‌వర్క్ లాంటి వేదికల మీద పనిచేసేవారికి ఈ సమస్య సగం తీరిపోయి ఉంటుంది. అక్కడ కాంట్రాక్టు ముగిశాక 14 రోజుల్లో ఇరువురూ ఒకరి గురించి ఒకరు రాయవచ్చు, ఒకరు రాసింది ముందే రెండోవారికి కనిపించదు. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేకుండా వేదికే అడుగుతుంది. లింక్డ్‌ఇన్‌లో సిఫారసు అడగడానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది. ఈ రెండు అలవాట్ల నుంచి పుట్టిన నమూనా ఉత్తరాలే తెలుగులోకి దాదాపు మక్కీకి మక్కీగా వచ్చాయి: ముందు కుశలం, తర్వాత కలిసి పనిచేసిన ఆనందం, తర్వాత మీ విలువైన అభిప్రాయం, చివర ఏ పనున్నా చెప్పండి. మిర్యాలగూడ మిల్లు యజమాని అప్‌వర్క్‌లో లేడు, లింక్డ్‌ఇన్ తెరవడు. అతనికి ఉన్నది వాట్సాప్. అందులో రోజుకు వడ్ల ధరలు, లారీ నంబర్లు, బ్యాంకు కబుర్లు వరసగా వస్తుంటాయి. ఆ వరసలో ఈ ఉత్తరం చేరితే ఏమవుతుందన్నదే అసలు పరీక్ష.

కాబట్టి ఒక్క రకం పనినే తీసుకుని లోతుగా చూడటం మేలు. ఈ ప్రాంతానికి తగినది బియ్యం బస్తా డిజైన్. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు వల్ల మిర్యాలగూడ చుట్టూ మిల్లులు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ప్రతి మిల్లుకూ సొంత బ్రాండ్లు, ప్రతి బ్రాండుకూ ఒక బొమ్మ, ఒక రంగు, ఒక అక్షరం తీరు. ఈ పనిలో మళ్లీ పని ఎప్పుడు పుడుతుందో కూడా స్పష్టంగా చూపించవచ్చు. 2022 జులై 18 నుంచి, 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ అమల్లోకి వచ్చింది. దాంతో చాలా మిల్లులు 26 కిలోల బస్తాకు మారాయి. వినియోగదారుడికి అది ఒక కిలో తేడా. డిజైనర్‌కు మాత్రం అది బస్తా మీద ముద్రించిన అంకె మారడం, అంటే మళ్లీ పని.

ఆ మార్పు ఎలా జరుగుతుందో తెలియకపోతే మంచి మెసేజ్ రాయడం సాధ్యం కాదు. మెరిసే బియ్యం బస్తా మీది పొరను గ్రావ్యూర్ పద్ధతిలో ముద్రిస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో లోహపు సిలిండర్ చెక్కించాలి. ఆరు రంగుల బస్తాకు ఆరు సిలిండర్లు. మిల్లుకు భారమయ్యే ఖర్చు డిజైనర్ ఫీజు కాదు, ఈ సిలిండర్లే. బరువు అంకె నలుపు రంగులో, తెల్లటి జాగా మీద ఉంటే 25ను 26గా మార్చడానికి నలుపు సిలిండర్ ఒక్కటి కొత్తగా చెక్కిస్తే చాలు. అదే అంకెను ఎర్రటి నేల మీద పసుపు అంచుతో, నీడతో వేసి ఉంటే ఆ రంగుల సిలిండర్లన్నీ మార్చాలి. ఆలోచన ఉన్న డిజైనర్ మొదటిసారే మారే అవకాశమున్న సంగతులను ఒకే రంగులో పెడతాడు: బరువు, ధర, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు, చిరునామా. రెండో సంగతి తెలుగు అక్షరాలు. అక్షరాలను కర్వ్స్‌లోకి మార్చకుండా ఫైలు పంపితే, అదే ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి ఇంకేవో గుర్తులుగా మారిపోతాయి. సిలిండర్ చెక్కాక అది బయటపడితే నష్టం మిల్లుదే.

ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించుకుందాం. తిరుమలగిరి డిజైనర్ ఒకరు మిర్యాలగూడ మిల్లుకు 26 కిలోల మార్పు చేసిచ్చాడు. నలుపు సిలిండర్ ఒక్కటి మారితే సరిపోయింది. ఏడాది గడిచింది. నమూనా ఉత్తరాలు చూసి అతను ఇలా రాయవచ్చు: "గౌరవనీయులైన సార్, ఎలా ఉన్నారు? గతంలో మీతో కలిసి పనిచేయడం నాకెంతో ఆనందాన్నిచ్చింది. దయచేసి నా సేవలపై మీ విలువైన అభిప్రాయం తెలుపగలరు. భవిష్యత్తులో ఏ పని ఉన్నా నాకు అవకాశం ఇవ్వగలరని కోరుతున్నాను." ఇందులో మర్యాదకు లోటు లేదు. లోటు ఎక్కడంటే, రాసినవాడు ఎవరో తెలియదు, ఏ పని చేశాడో తెలియదు, దేని గురించి అభిప్రాయం రాయాలో తెలియదు, ఏ పని ఇవ్వవచ్చో తెలియదు. ఈ నాలుగూ ఆలోచించుకోవాల్సిన భారం మిల్లు యజమాని మీద పడింది. అతను చెడ్డవాడై జవాబివ్వకపోవడం కాదు, తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెడతాడు. సీజన్‌లో ఆ తీరిక రాదు.

అదే మనిషి ఇలా రాస్తే తేడా చూడండి: "నమస్తే అన్నా. మన 26 కిలోల బస్తా డిజైన్ చేసిన తిరుమలగిరి డిజైనర్‌ను. అప్పుడు నలుపు సిలిండర్ ఒక్కటి మారిస్తే సరిపోయిందని మీరే అన్నారు. ఆ మాట రెండు వాక్యాల్లో ఇక్కడ రాసి పంపుతారా? నా పనులు చూపించే పేజీలో మిల్లు పేరుతో పెట్టుకుంటా, పేరు వద్దంటే మిర్యాలగూడ రైస్ మిల్లు అని మాత్రమే వేస్తా. వానాకాలం వడ్లు వచ్చేలోపు 5, 10 కిలోల బ్యాగులు వేయించే ఆలోచన ఉంటే, పాత ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది, వారంలో చేసిస్తా." ఇదీ కొన్ని వరుసలే. కానీ ఆలోచించే పని చాలావరకు రాసినవాడే ముగించాడు. తనెవరో ఊరు పేరుతో, చేసిన పనితో చెప్పాడు, ఎందుకంటే డిజైనర్ నంబరు ఆ ఫోన్‌లో ఏ పేరుతో ఉందో, అసలు ఉందో లేదో తెలియదు. మిల్లువాడికి డబ్బు మిగిలిన సంగతిని అతని మాటగానే గుర్తుచేశాడు. అడిగింది రెండు వాక్యాలు, అదీ అతను అప్పటికే నోటితో అన్న మాట. పని గురించిన వాక్యానికి ప్రశ్న గుర్తు లేదు, అవునో కాదో చెప్పాల్సిన ఇరకాటం లేదు.

"ఖాళీగా ఉన్నాను, పని ఉంటే చెప్పండి" అనడానికీ "పాత ఫైలు నా దగ్గర ఉంది, వారంలో చేసిస్తా" అనడానికీ మధ్య ఉన్న దూరాన్ని చాలా సలహాలు పట్టించుకోవు. మొదటిది అడిగేవాడి అవసరం. అది విన్న వ్యాపారి మనసు వెంటనే రేటు తగ్గించే వైపు వెళుతుంది. రెండోది అవతలివాడికి కలిసొచ్చే సంగతి: మళ్లీ మొదటి నుంచి గీయించాల్సిన పని లేదు, రంగులు అవే ఉంటాయి, చిన్న బ్యాగూ పెద్ద బస్తా ఒకే బ్రాండులా కనిపిస్తాయి. పాత పార్టీకి పాత డిజైనర్‌తో ఉన్న నిజమైన లాభం ఇదే. దాన్ని చెప్పకుండా స్నేహాన్ని మాత్రమే గుర్తుచేస్తే చేతిలో ఉన్న బలం వాడుకోనట్టు. అయితే ఆ ఫైలు నిజంగా ఉండాలి. పొరలు విడివిడిగా ఉన్న అసలు ఫైలు పోయి, ముద్రణకు పంపిన చదును బొమ్మ మాత్రమే మిగిలి ఉంటే ఆ వాక్యం రాయకూడదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. రెండు కోరికలు ఒకేసారి వద్దు, ముందు చిన్నది అడిగి అది దొరికాక పెద్దది అడగాలి అంటారు. దీని వెనుక పేరున్న ప్రయోగమే ఉంది. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే పరిశోధకులు అమెరికాలో గృహిణులకు ఫోన్ చేసి ముందు వంటింటి సబ్బుల గురించి కొన్ని చిన్న ప్రశ్నలు అడిగారు. మూడు రోజులకు మళ్లీ ఫోన్ చేసి, ఐదారుగురు మనుషులు ఇంటికి వచ్చి రెండు గంటలు అన్ని వస్తువులూ లెక్క రాసుకుంటారు, ఒప్పుకుంటారా అన్నారు. ముందు చిన్న ప్రశ్నలకు జవాబిచ్చినవారిలో సగానికి పైగా ఒప్పుకున్నారు, నేరుగా పెద్ద కోరిక విన్నవారిలో ఒప్పుకున్నది నాలుగో వంతు కన్నా తక్కువ. దీన్ని బట్టి అభిప్రాయం ఈ రోజు, పని మూడు రోజులకు అడగడం తెలివైన పనిలా కనిపిస్తుంది. కానీ ఆ ఫోన్ చేసినవారు ఆ ఇల్లాళ్లతో మళ్లీ ఎప్పుడూ వ్యవహారం పెట్టుకోవాల్సిన అవసరం లేదు. మన డిజైనర్‌కు అదే మిల్లుతో పదేళ్లు పని కావాలి. మంచి మాట రాసిచ్చిన మూడో రోజే పని అడుగుతూ మెసేజ్ వస్తే, ముందు అడిగింది ఎర అని వ్యాపారికి అర్థమవుతుంది. తర్వాతి పండగ శుభాకాంక్షను కూడా అతను అనుమానంగానే చూస్తాడు. ఒకే మెసేజ్‌లో రెండూ ఉంటే దాచింది ఏమీ లేదు. ప్రయోగం నుంచి తీసుకోవాల్సింది వరస మాత్రమే: తేలికైనది ముందు, బరువైనది తర్వాత, రెండోదానికి వెంటనే జవాబు అక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం మన ఊళ్ల నుంచే వస్తుంది: మెసేజ్ ఎందుకు, ఫోన్ చేస్తే పోలా, మిర్యాలగూడ వెళ్లి కలిస్తే ఇంకా మంచిది కదా. ఇందులో చాలా నిజం ఉంది. 2017లో రోఘనిజాద్, బోన్స్ చేసిన అధ్యయనంలో ముఖాముఖి అడగడం ఈమెయిల్‌లో అడగడం కంటే 34 రెట్లు ఎక్కువ ఫలించింది. అడిగేవాళ్లు మాత్రం రెండు దారులూ దాదాపు సమానంగా పనిచేస్తాయని అనుకున్నారు. ఆ అధ్యయనంలో అడిగింది ముక్కూమొహం తెలియనివాళ్లను. పాత పార్టీ అలాంటివాడు కాదు, కాబట్టి అంత తేడా ఇక్కడ ఉండకపోవచ్చు. పని మాట్లాడటానికి ఫోనే మేలు అని ఒప్పుకోవాలి. ధర, గడువు, ఎన్ని రంగులు, ఎవరు ముద్రిస్తారు అనేవి మాటల్లోనే తేలుతాయి. కానీ అభిప్రాయం ఫోన్‌లో చెబితే గాలిలో కలిసిపోతుంది. ఇంకొకరికి చూపించాలంటే అతను రాసిన అక్షరాలు కావాలి, ఎక్కడ వాడుకోవచ్చో అతను ఒప్పుకున్నట్టు తేదీతో సహా మిగిలి ఉండాలి. అందుకే కలిసిన రోజే మాట తీసి, ఇంటికి వచ్చాక ఆ మెసేజ్ పంపడం అన్నిటికన్నా బాగా పనిచేసే పద్ధతి అని నా నమ్మకం.

ఇక అతి సున్నితమైన ప్రశ్న. చాలామంది పార్టీలు "నువ్వే రాసి పంపు తమ్మీ, నేను సరే అంటా" అంటారు. రాయవచ్చా? 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలో వాడే మెచ్చుకోలు ఆ మనిషి నిజమైన, ఆ కాలానికి తగిన అభిప్రాయమై ఉండాలి, తగినంత సమాచారమో అనుభవమో దాని వెనుక ఉండాలి. ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి, అనుమతి లేకుండా ఒక వ్యక్తినో సంస్థనో ప్రకటనలో ప్రస్తావించకూడదంటుంది. ఎవరు టైపు చేశారన్నది కాదు, ఎవరి అభిప్రాయం అన్నదే ఇక్కడ ముఖ్యం. మిల్లువాడు ఫోన్‌లో అన్న మాటలనే రెండు వాక్యాలుగా పేర్చి, "మీరన్నదే రాశాను, తప్పుంటే దిద్దండి" అని పంపి, అతను చదివి సరే అన్నాక వాడుకుంటే అందులో మోసం లేదు. అతను అనని మాట ఒక్కటి చేర్చినా అది అబద్ధం. పైగా అబద్ధం పనిచేయదు కూడా. "అద్భుతమైన డిజైనర్, అందరికీ సిఫారసు చేస్తున్నాను" అన్న మాటను మరో మిల్లువాడు చదివి నమ్మడు, ఎందుకంటే అది ఎవరి గురించైనా రాయవచ్చు. "బరువు మార్చినప్పుడు ఒక్క సిలిండర్‌తో సరిపోయింది, అక్షరాలు ఎక్కడా చెదరలేదు" అన్న మాటను నమ్ముతాడు, ఎందుకంటే సిలిండర్ ఖర్చు ఎంతో అతనికి తెలుసు.

అభిప్రాయం రాసిస్తే తర్వాతి పనిలో తగ్గిస్తా అనే బేరం కూడా మెసేజ్‌లో వద్దు. గూగుల్ తన మ్యాప్స్ రివ్యూలకు ప్రతిఫలం ఇవ్వడాన్ని నిషేధించింది. అది అక్కడి నియమం, వాట్సాప్‌లో అడిగిన రెండు వాక్యాలకు వర్తించకపోవచ్చు. కానీ ఆ బేరం పెట్టిన క్షణం రెండు సంగతులూ చెడిపోతాయి: మెచ్చుకోలుకు ధర కట్టినట్టవుతుంది, తర్వాతి పని రేటు పని మొదలుకాకముందే పడిపోతుంది. పాత బాకీ ఉంటే అదీ ఈ మెసేజ్‌లో కలపకూడదు. రావాల్సిన డబ్బు విడిగా, ముందుగా తేల్చుకోవాలి. డబ్బు ఆపుకున్న మనిషి రాసిన మంచి మాట డబ్బుకు బదులు ఇచ్చినట్టే ఉంటుంది.

ఇదంతా ఎందుకు, మన దగ్గర పని నోటి మాటతోనే వస్తుంది, రాతపూర్వకమైన మెచ్చుకోలు ఎవరు చదువుతారు అని అడిగేవారున్నారు. మిర్యాలగూడలోపలే పనిచేసేవారికి ఈ మాట చాలావరకు సరిపోతుంది. ఒక మిల్లు బస్తా బాగుంటే పక్క మిల్లువాడు ఎవరు చేశారని ఫోన్ చేసి అడుగుతాడు. కానీ నోటి మాట మనుషులు తిరిగే దూరమే వెళుతుంది. సూర్యాపేట నుంచి తిరుమలగిరి మీదుగా జనగామ వైపు ఉన్న మిల్లులకు, కోదాడ దాటి ఆంధ్ర వైపు ఉన్న మిల్లులకు ఆ యజమాని పరిచయం ఉండకపోవచ్చు. వాళ్లు డిజైనర్‌ను మొదటిసారి చూసేది ఫోన్‌లో, అతను పంపిన పాత బస్తాల ఫొటోల్లో. ఫొటో బొమ్మ అందాన్ని చూపిస్తుంది. సిలిండర్ల ఖర్చు ఆదా అయిందన్న సంగతిని చూపించలేదు, ఆ సంగతి చెప్పగలిగింది డబ్బు కట్టిన మిల్లువాడొక్కడే.

అడగడానికే మొహమాటపడేవారి సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా మెసేజ్‌లు రాయకుండానే ఆగిపోతాయి. 2008లో ఫ్లిన్, లేక్ చేసిన ప్రయోగాల్లో, కొత్తవాళ్ల చేత ప్రశ్నపత్రాలు నింపించుకోవాల్సినవాళ్లు దాదాపు 20 మందిని అడిగితే గాని పని కాదనుకున్నారు. నిజానికి సుమారు పది మందితోనే సరిపోయింది. అడిగేవాడు తన ఇబ్బందిని మాత్రమే లెక్కేసుకుంటాడు, కాదనడంలో అవతలివాడికి ఉండే ఇబ్బందిని లెక్కేసుకోడు అని వాళ్ల వివరణ. ఈ వివరణలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. కాదనలేక ఒప్పుకున్న మనిషి రాసే మాటలో పస ఉండదు. అందుకే పేరు లేకుండా వేసే దారి ఒకటి మెసేజ్‌లోనే తెరిచి ఉంచడం మంచిది. ఏ డిజైనర్‌తో చేయించాడో పోటీ మిల్లుకు తెలియకూడదని అనుకునే యజమానికి అది గౌరవంగా తప్పుకునే వీలు ఇస్తుంది.

ఎప్పుడు పంపాలన్నది మాటల కన్నా ఎక్కువ తేడా తెస్తుంది. వానాకాలం వడ్లు అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా, యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో మిల్లులకు దిగుతాయి. ఆ రోజుల్లో యజమాని దృష్టి తేమ శాతం మీద, హమాలీల మీద, లారీల మీద ఉంటుంది. బ్యాగుల ఆర్డరు అంతకు ముందే వెళ్లాలి, ఎందుకంటే డిజైన్ ఖాయం కావడం, సిలిండర్లు చెక్కడం, ముద్రణ, కుట్టు అన్నీ వరసగా జరగాలి. కాబట్టి సెప్టెంబర్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి పంపితే ఆ మాట యజమాని అప్పటికే ఆలోచిస్తున్న సంగతికి దగ్గరగా ఉంటుంది. నియమాలు మారిన వారం కూడా మంచి సమయమే, 2022 జులైలాగా. అప్పుడు పని గురించిన వాక్యం మరింత సూటిగా ఉండవచ్చు: మీ బస్తా మీద ఫలానా అంకె మారాలి, ఒక్క సిలిండర్‌తో అయ్యే పనే.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయడం తప్పు కాదు, అదీ మెసేజ్ మొత్తం మళ్లీ పంపకుండా, ఆ రెండు వాక్యాల కోసమే. "చూద్దాం" అని వస్తే అక్కడితో ఆపాలి, అది చాలాసార్లు మర్యాదగా చెప్పిన వద్దు. మంచి మాటలు రాసి, పని సంగతి ఎత్తకపోతే నిరుత్సాహపడాల్సింది లేదు. ఆ రోజు అతని దగ్గర ఆ పని లేదనే దాని అర్థం. థాంక్స్ చెప్పి, ఎక్కడ పెట్టారో చూపిస్తూ ఒక ఫొటో పంపి, మళ్లీ ఫిబ్రవరి దాకా పని మాట ఎత్తకుండా ఉండాలి. ఒకవేళ జవాబులో పొగడ్తకు బదులు ఫిర్యాదు వస్తే, పసుపు కాస్త పాలిపోయిందనో, పేరు కింది వాక్యంలో ఒత్తు తప్పిందనో వస్తే, ఆ మెసేజ్‌లోని మిగతా సంగతులన్నీ పక్కన పెట్టాలి. రంగు పాలిపోవడం ముద్రణ వల్లా, ఫైలులోని రంగు విలువ వల్లా అన్నది ముద్రించిన నమూనాను, పంపిన ఫైలును పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒత్తు తప్పిందంటే అది డిజైనర్ బాధ్యతే, దిద్దిన ఫైలు ఆ సాయంత్రానికే డబ్బు మాట లేకుండా వెళ్లాలి. అభిప్రాయం అడగడం ఆ తర్వాతి సీజన్ పని.